గుండె కరెంటు సైనస్ నోడ్‌లోనే ఎందుకు మొదలవుద్ది, అక్కడి నుంచి ఏ దారిన పోద్ది

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఈసీజీ తీయించుకుని బయటకొచ్చినవాళ్ల చేతిలో ఒక గళ్ల కాగితం ఉంటుంది, దాని పైన మిషనే ప్రింట్ చేసిన ముక్కలు కొన్ని ఉంటాయి, "సైనస్ రిథమ్", "ఫస్ట్ డిగ్రీ ఏవీ బ్లాక్" లాంటివి. డాక్టర్ని కలిసేలోపే ఆ కాగితం ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేస్తారు, ఇక అక్కడ ఎవరో ఒకరు బ్లాక్ అంటే స్టెంటే అనేస్తారు. ఈసీజీ మీద ఉన్న ఆ బ్లాక్‌కీ రక్తనాళంలో కొవ్వు పేరుకోవడానికీ నేరుగా సంబంధం లేదు, ఇది కరెంటు దారిలో ఆలస్యం. ఆ దారి ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ కావాలనే మెల్లగా నడుస్తుందో తెలిస్తే ఆ కాగితం సగం అర్థమవుతుంది.

క్లుప్తంగా

గుండెలో తనంతట తాను కొట్టుకోగలిగిన చోట్లు చాలానే ఉన్నాయి. వాటిల్లో సైనోఏట్రియల్ నోడ్, అంటే సైనస్ నోడ్, అన్నిటికంటే స్పీడు, అందుకే మిగతావాటికి ఛాన్స్ రాదు. అక్కడ పుట్టిన కరెంటు పై గదులంతా పాకి, పై గదులకీ కింది గదులకీ మధ్యన ఉండే ఏవీ నోడ్ దగ్గర సుమారు సెకనులో పదో వంతు ఆగి, తర్వాత హిస్ బండిల్, పుర్కింజే ఫైబర్లు అనే కరెంటు మోసే పోగుల మీదుగా కింది గదుల్లోకి చాలా వేగంగా పోతుంది. ఈ దారి మధ్యలో తెగితే కింది గదులు తమ సొంత రేటుతో, అంటే బాగా మెల్లగా కొట్టుకుంటాయి.

మామూలు కండకీ, నోడ్ కణానికీ తేడా

కుడి పై గది, అంటే కుడి కర్ణికలోకి తల వైపు నుంచి ఒక పెద్ద సిర వచ్చి కలుస్తుంది, సుపీరియర్ వీనా కావా అంటారు. ఆ కలిసే చోటే, గోడలో, ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవున సన్నగా ఉండేదే ఈ నోడ్. కంటితో చూస్తే చుట్టూ ఉన్న కండకీ దీనికీ పెద్ద తేడా తెలీదు, అందుకే మైక్రోస్కోపులు వచ్చిన చాలా కాలానికి గానీ దొరకలేదు. 1907లో ఇంగ్లండ్‌లో ఆర్థర్ కీత్, ఆయన దగ్గర పనిచేసిన మెడికల్ స్టూడెంట్ మార్టిన్ ఫ్లాక్ దీని గురించి రాశారు. తమాషా ఏంటంటే దారి చివరి భాగమే ముందు బయటపడింది: పుర్కింజే ఫైబర్లు 1839లో, హిస్ బండిల్ 1893లో, జపాన్ నుంచి జర్మనీ వెళ్లి పనిచేసిన సునావో తవారా వర్ణించిన ఏవీ నోడ్ 1906లో, అన్నిటికంటే చివర్న మొదలు దొరికింది.

మామూలు గుండె కండ కణం ఖాళీగా ఉన్నప్పుడు లోపలి వోల్టేజి బయటితో పోలిస్తే దాదాపు మైనస్ 90 మిల్లీవోల్టులు ఉంటుంది. పొటాషియం బయటకి పోయే ఒక రకం దారులు ఎప్పుడూ తెరిచే ఉండి ఆ వోల్టేజిని అక్కడే కదలకుండా పట్టుకుంటాయి, పక్క కణం నుంచి దెబ్బ తగిలేదాకా అది అలాగే ఉండిపోతుంది, ఎంతసేపైనా సరే. నోడ్ కణంలో ఆ పట్టుకునే దారులు దాదాపు లేవు. అందుకే దాని వోల్టేజి ఎంత కిందికి దిగినా మైనస్ 60 దగ్గరే ఆగుతుంది, ఆగినా అక్కడ నిలవదు.

కిందికి దిగగానే హెచ్‌సీఎన్4 అనే ఛానెళ్లు తెరుచుకుని సోడియం మెల్లగా లోపలికి కారడం మొదలవుతుంది. సోడియం, కాల్షియం ఛానెళ్లు చాలావరకు వోల్టేజి పైకి పోతుంటే తెరుచుకుంటాయి, ఇవి రివర్స్, కిందికి పోతే తెరుచుకుంటాయి. 1979లో ఈ కరెంటు గురించి రాసిన బ్రౌన్, డిఫ్రాన్సెస్కో, నోబుల్‌లకి ఇది ఎంత వింతగా అనిపించిందంటే దానికి "ఫన్నీ కరెంట్" అనే పేరే ఉండిపోయింది. ఇలా కారుతూ కారుతూ వోల్టేజి మైనస్ 40 దాకా ఎక్కేసరికి కాల్షియం గేట్లు తెరుచుకుంటాయి, కణం ఫైర్ అవుతుంది, తర్వాత పొటాషియం బయటకి పోయి వోల్టేజి మళ్లీ దిగుతుంది, దిగగానే మళ్లీ కారడం. కణం లోపల దాచుకున్న కాల్షియం కూడా విడతలు విడతలుగా బయటకొచ్చి ఈ ఎక్కడానికి చెయ్యేస్తుంది, రెండిట్లో ఏది ముఖ్యం అన్న దాని మీద పరిశోధకుల మధ్య వాదన ఇంకా నడుస్తూనే ఉంది, బహుశా రెండూ కలిసే పనిచేస్తాయి.

అంటే పుట్టించడానికి మెదడు నుంచి ఆర్డర్ అక్కర్లేదు. దీనికి రుజువు గుండె మార్పిడి చేయించుకున్నవాళ్లు. కొత్త గుండెకి వెళ్లే నరాలన్నీ ఆపరేషన్లో తెగిపోతాయి, అయినా అది కొట్టుకుంటుంది, పైగా కూర్చున్నప్పుడు కూడా నిమిషానికి 90, 100 దాకా. నోడ్ సొంత స్పీడు అదే. మామూలు మనిషికి కూర్చున్నప్పుడు 70 ఉంటుందంటే వేగస్ నరం బ్రేకు తొక్కి ఉంచడం వల్ల, అది వోల్టేజిని ఇంకొంచెం కిందికి లాగి ఎక్కే వాలుని తగ్గిస్తుంది. భయపడినా, పరుగెత్తినా అడ్రినలిన్ ఆ వాలుని నిటారు చేస్తుంది. ఇవాబ్రాడిన్ అనే ట్యాబ్లెట్ వాడేవాళ్లకి డాక్టర్లు "కళ్ల ముందు మెరుపులు కనపడొచ్చు" అని చెప్పడం వెనక కూడా ఈ ఛానెళ్లే ఉన్నాయి: ఆ మందు నోడ్‌లో ఫన్నీ ఛానెళ్లని మూసి గుండె రేటు తగ్గిస్తుంది, అదే కుటుంబానికి చెందిన ఛానెళ్లు కంటి రెటీనాలోనూ ఉంటాయి కాబట్టి అక్కడా కొంచెం ప్రభావం పడుతుంది.

మిగతావి ఎందుకు ఊరుకుంటాయి

నిజానికి ఊరుకోవు. ఏవీ నోడ్ పరిసరాల్లోని కణాలు ఒంటరిగా వదిలేస్తే నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఫైర్ అవుతాయి, ఇంకా కింద పుర్కింజే ఫైబర్లు 20 నుంచి 40 సార్లు. వాటిలోనూ వోల్టేజి తనంతట తాను ఎక్కుతూనే ఉంటుంది, కాకపోతే మెల్లగా. లెక్క చూస్తే తేలిపోతుంది. సైనస్ నోడ్ నిమిషానికి 75 కొడుతోందంటే 800 మిల్లీసెకన్లకి ఒక దెబ్బ. ఏవీ దగ్గర కణం సొంత రేటు 50 అనుకుంటే దానికి ఒక దెబ్బకి 1200 మిల్లీసెకన్లు కావాలి. అది ఇంకా దారిలో ఉండగానే పైనుంచి అల వచ్చి దాన్ని ఫైర్ చేయించేస్తుంది, మళ్లీ మొదటి నుంచి ఎక్కాల్సిందే. ప్రతి దెబ్బకీ ఇదే కథ, అందుకే ఆరోగ్యంగా ఉన్న గుండెలో దాని వంతు ఎప్పుడూ రాదు. సైనస్ నోడ్‌కి పెత్తనం ఎవరూ రాసివ్వలేదు, వేగంతోనే సంపాదించుకుంది.

దీనికి ఇంకో పొర కూడా ఉంది, ఇది తెలీకపోతే కొంతమంది పేషెంట్లు ఎందుకు పడిపోతారో అర్థం కాదు. కింది కణాన్ని దాని సొంత రేటుకి మించి ఎడతెగకుండా ఫైర్ చేయిస్తుంటే లోపల సోడియం పేరుకుంటుంది. ఆ సోడియాన్ని తోడిపోసే పంపు ప్రతి విడతకీ మూడు సోడియంలు బయటకి తోసి రెండు పొటాషియంలు లోపలికి తీసుకుంటుంది, అంటే నికరంగా ఒక పాజిటివ్ చార్జి బయటకి పోతుంది, దాంతో కణం వోల్టేజి ఇంకా కిందికి దిగి ఎక్కడం కష్టమవుతుంది. దీన్నే ఓవర్‌డ్రైవ్ సప్రెషన్ అంటారు. సైనస్ నోడ్ ఉన్నట్టుండి ఆగిపోతే కింది కణం వెంటనే అందుకోదు, కొన్ని సెకన్లు తేరుకోవాలి. పెద్ద వయసు వాళ్లలో కర్ణికల్లో కరెంటు అల్లకల్లోలంగా తిరిగే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చి, గుండె కాసేపు గబగబా కొట్టుకుని, అది ఆగిన క్షణంలో నాలుగైదు సెకన్లు నిశ్శబ్దం అయిపోవడం, ఒంటికి తగిలించి ఉంచే హోల్టర్ అనే ఈసీజీ మిషను మీద కనిపిస్తుంటుంది. గుండె దడ వచ్చినప్పుడు కాదు, దడ తగ్గిన వెంటనే కళ్లు తిరిగాయి అని పేషెంట్ చెబితే డాక్టర్ చెవులు నిక్కబొడుచుకునేది అందుకే.

అంత చిన్న నోడ్ అంత పెద్ద కర్ణికని ఎలా లాగుతుంది అనేది ఇంకో ప్రశ్న. కర్ణిక కండ వోల్టేజి మైనస్ 80 దగ్గర గట్టిగా పట్టుకుని ఉంటుంది, నోడ్ కణాలు దానికి బాగా అతుక్కుని ఉంటే నోడ్ వోల్టేజిని అదే కిందికి లాగేసి ఎక్కనివ్వకుండా చేసేది. అందుకే నోడ్ చుట్టూ పీచు కణజాలం ఎక్కువ, కణాల మధ్య కరెంటు పోయే రంధ్రాలు తక్కువ, బయటికి పోయే దారులు కొన్నే. వయసుతో ఈ పీచు మరీ పెరిగిపోతే మాత్రం అదే జబ్బు, నోడ్ లోపల ఫైర్ అవుతూనే ఉంటుంది గానీ బయటికి రాదు.

ఆ చోటే ఎందుకు అంటే పిండం దశకి వెళ్లాలి. గర్భంలో నాలుగో వారం మొదట్లో గుండె ఒక గొట్టం మాత్రమే, రక్తం ఒక కొస నుంచి వచ్చి ఇంకో కొస నుంచి పోవాలి, కాబట్టి వచ్చే కొస ముందు ముడుచుకోవాలి. ఆ గొట్టం మెలికలు తిరిగి నాలుగు గదులుగా మారాక ఆ వచ్చే కొసే సిరలు కర్ణికలో కలిసే చోటుగా మిగిలింది, నోడ్ అక్కడే ఉండిపోయింది.

ప్రయాణం: ఎక్కడ పరుగు, ఎక్కడ నడక

నోడ్ నుంచి బయటపడ్డ కరెంటు కుడి కర్ణిక కండలో సెకనుకి అర మీటరు నుంచి మీటరు వేగంతో పాకుతుంది. ఎడమ కర్ణికకి ముఖ్యంగా బాక్‌మన్ బండిల్ అనే కండ పట్టీ మీదుగా దాటుతుంది. పుస్తకాల్లో బొమ్మలు చూస్తే కర్ణికల్లో కూడా తొడుగు వేసిన వైర్లు ఉన్నట్టు గీస్తారు, అలాంటివేం లేవు, కండ పోగులు ఒక దిక్కుకి అమరి ఉన్న చోట స్పీడుగా పోతుంది అంతే. రెండు కర్ణికలూ సుమారు 100 మిల్లీసెకన్లలో అయిపోతాయి, ఈసీజీ మీద పీ వేవ్ అంటే ఇదే. లీడ్ అంటే ఆ కరెంటుని ఈసీజీ ఒక వైపు నుంచి చూసే కోణం. కరెంటు కుడి పైనుంచి ఎడమ కిందికి వస్తుంది కాబట్టి రెండో లీడ్‌లో పీ వేవ్ నిటారుగా, ఏవీఆర్ లీడ్‌లో తలకిందులుగా పడుతుంది. మిషను "సైనస్ రిథమ్" అని రాసిందంటే ఇది సరిపోయిందని, అది జబ్బు పేరు కాదు. రెండో లీడ్‌లోనే పీ తలకిందులుగా ఉంటే కరెంటు కింద ఏవీ దగ్గర పుట్టి పైకి ఎక్కుతోందేమో అని అనుమానించాలి, వైర్లు అటూ ఇటూ తగిలించినా అలాంటి గందరగోళమే వస్తుంది కాబట్టి ముందు అది చూసుకోవాలి.

కర్ణికలకీ, కింది గదులైన జఠరికలకీ మధ్య పీచుతో చేసిన ఒక గట్టి చట్రం ఉంది, కవాటాలు దానికే బిగించి ఉంటాయి, కరెంటు అందులోంచి పోదు. ఆరోగ్యవంతుల్లో దాటడానికి ఒకటే దారి, ఏవీ నోడ్. అక్కడ వేగం సెకనుకి సుమారు 5 సెంటీమీటర్లకి పడిపోతుంది, కణాలు సన్నవి, కలిపే రంధ్రాలు తక్కువ, పైగా స్పీడుగా తెరుచుకునే సోడియం గేట్ల బదులు మెల్లగా తెరుచుకునే కాల్షియం గేట్ల మీద నడుస్తాయి. హైదరాబాద్ నుంచి గంటకి వంద మీద వచ్చిన రైలు విజయవాడ ఔటర్‌లో ఆగినట్టు, లోపల ప్లాట్‌ఫాం ఖాళీ అవ్వకుండా వదిలితే పనికి రాదు. ఇక్కడ ఆ సెకనులో పదో వంతు ఆలస్యంలో కర్ణికలు ముడుచుకుని ఆఖరి విడత రక్తాన్ని జఠరికల్లోకి తోస్తాయి. జఠరికల్లో కరెంటు పాకినప్పుడు ఈసీజీ మీద పడే అల పేరు క్యూఆర్ఎస్. పీ మొదలు నుంచి క్యూఆర్ఎస్ మొదలు దాకా 120 నుంచి 200 మిల్లీసెకన్లు ఉండాలి, ఫస్ట్ డిగ్రీ బ్లాక్ అంటే అది 200 దాటిందని. 220 ఉన్నంత మాత్రాన ఏ దెబ్బా మిస్ అవ్వలేదు, ప్రతీదీ కిందికి చేరింది, కొంచెం లేటుగా. చాలామందిలో దానికి వైద్యం ఏమీ అవసరం ఉండదు.

ఈ నడక ఇంకో మేలు కూడా చేస్తుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో కర్ణికల్లో కరెంటు నిమిషానికి 400, 600 సార్లు అల్లకల్లోలంగా తిరుగుతుంది, ఏవీ నోడ్ అందులో చాలావాటిని ఆపేసి 120, 160 మాత్రమే కిందికి వదులుతుంది. డబ్ల్యూపీడబ్ల్యూ అనే పుట్టుకతో వచ్చే సమస్యలో చట్రాన్ని దాటే ఒక అడ్డదారి ఉంటుంది, దానికి ఈ ఆలస్యం లేదు, పీ నుంచి క్యూఆర్ఎస్ దాకా సమయం 120 మిల్లీసెకన్ల కంటే తగ్గిపోతుంది. వాళ్లకి ఫిబ్రిలేషన్ వస్తే ఆ అల్లకల్లోలం నేరుగా కిందికి దిగే ప్రమాదం ఉంది, అప్పుడు ఏవీ నోడ్‌ని మందగించే వెరపమిల్ లాంటి మందు ఇస్తే పరిస్థితి ఇంకా చెడొచ్చు.

ఏవీ నోడ్ దాటాక హిస్ బండిల్, అక్కడి నుంచి కుడి ఎడమ కొమ్మలు, తర్వాత పుర్కింజే ఫైబర్లు, ఇక్కడ వేగం సెకనుకి 2 నుంచి 4 మీటర్లు. ముందు గుండె మధ్య గోడ, అది కూడా ఎడమ నుంచి కుడికి, తర్వాత కింది కొన, చివరికి పై మొదలు, గోడల్లో లోపలి నుంచి బయటికి. రక్తం బయటికి పోయే ద్వారాలు పైన ఉన్నాయి కాబట్టి పిండడం కింది నుంచి పైకి సాగాలి, ఈ వరస దానికే. రెండు జఠరికలూ 100 మిల్లీసెకన్లలోపే ముగిసిపోతాయి, అందుకే క్యూఆర్ఎస్ అంత సన్నగా ఉంటుంది. కరెంటు ఈ హైవే వదిలేసి మామూలు కండలో కణం నుంచి కణానికి పాకాల్సి వస్తే క్యూఆర్ఎస్ వెడల్పవుతుంది.

ఒక ఈసీజీని విప్పి చూస్తే

ఉదాహరణకి తెనాలి వైపు నుంచి ఒక డెబ్భై ఏళ్ల పెద్దాయన గుంటూరు వచ్చారనుకుందాం. రెండు వారాలుగా మెట్లెక్కితే ఆయాసం, ఒకసారి స్నానం చేస్తుంటే కళ్లు బైర్లు కమ్మాయి. ఇంట్లో బీపీ మిషను పల్స్ 38 చూపిస్తే మిషనే పాడైందనుకున్నారు. ఈసీజీ కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్లు కదులుతుంది, పెద్ద గడి ఒకటి 200 మిల్లీసెకన్లు, 300ని గడుల సంఖ్యతో భాగిస్తే రేటు వస్తుంది.

పీ వేవ్‌లు నాలుగు పెద్ద గడులకి ఒకటి చొప్పున, అంటే 75, పక్కాగా వస్తున్నాయి, రెండో లీడ్‌లో నిటారుగా ఉన్నాయి. సైనస్ నోడ్ నిక్షేపంగా ఉంది. క్యూఆర్ఎస్‌లు దాదాపు ఎనిమిది గడులకి ఒకటి, అంటే సుమారు 38, అవీ పక్కాగానే. ఇది నాలుగుకి దాదాపు రెట్టింపు కాబట్టి, రెండిటికి ఒకటి దాటుతోంది అని ఇక్కడ పొరపాటు పడొచ్చు. అందుకే పొడుగు స్ట్రిప్ తీయాలి. అందులో పీ నుంచి క్యూఆర్ఎస్ దూరం ఒక్కోసారి ఒక్కోలా జరుగుతూ పోతే రెండిటికీ సంబంధం తెగిందని అర్థం, కంప్లీట్ హార్ట్ బ్లాక్. ఈయన స్ట్రిప్‌లో అలాగే ఉంది. క్యూఆర్ఎస్ వెడల్పు నాలుగు చిన్న గడులు, 160 మిల్లీసెకన్లు, అంటే కింది దెబ్బలు హిస్ దగ్గర కాదు, ఇంకా కింద జఠరికలోనే పుడుతున్నాయి, రేటు 38 కూడా దానికి సరిపోతోంది.

మంచం పక్కన కూడా ఆనవాళ్లు దొరుకుతాయి. నాలుగడుగులు నడిపిస్తే పీ రేటు 75 నుంచి 95కి పోతుంది, పల్స్ మాత్రం 38 దగ్గరే ఉంటుంది, ఆయాసం ఎందుకో అక్కడే తెలిసిపోతుంది. కర్ణిక ముడుచుకునే సమయానికి ఒక్కోసారి కవాటం మూసి ఉంటుంది కాబట్టి రక్తం వెనక్కి తన్ని మెడ సిరలో అప్పుడప్పుడూ ఎగిసిపడుతుంది.

తర్వాత చూడాల్సింది సరిచేయగల కారణం ఏదైనా ఉందా అని. బీటా బ్లాకర్, డిల్టియాజెమ్, డిగాక్సిన్ లాంటివి వాడుతున్నారా, రక్తంలో పొటాషియం పెరిగిందా, గుండెపోటు ఏమైనా వచ్చిందా. చాలామందిలో ఏవీ నోడ్‌కి రక్తం కుడి కరోనరీ నుంచే వస్తుంది, అది మూసుకుని గుండె కింది భాగానికి పోటు వస్తే ఇలాంటి బ్లాక్ రావచ్చు, అప్పుడది తరచూ కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది కూడా. మొదట్లో వేరే అనుకున్న రెండు రకాల బ్లాకులూ కలిసే చోటు ఇదొకటి. అట్రోపిన్ ఇంజెక్షన్ వేగస్ బ్రేకుని తీసేస్తుంది, కాబట్టి ఏవీ నోడ్ స్థాయి బ్లాక్‌లో పనిచేయొచ్చు గానీ, ఈయనలా హిస్ కింద తెగినచోట దాని మీద ఆధారపడలేం, వేగస్ పట్టు అంత కిందికి పెద్దగా ఉండదు.

ఏ కారణమూ దొరకలేదనుకుంటే పేస్‌మేకరే. సైనస్ నోడ్ బాగుంది కాబట్టి రెండు వైర్ల మిషను ఎంచుకుంటారు: ఒక వైరు కర్ణికలో పీ వేవ్‌ని వింటుంది, మిషను దాదాపు ఏవీ నోడ్ ఆగినంతసేపు ఆగుతుంది, తర్వాత రెండో వైరు జఠరికకి దెబ్బ ఇస్తుంది. రేటు నిర్ణయించేది ఇంకా ఆయన సొంత నోడే, మెట్లెక్కితే అదే పెంచుతుంది. తేడా అంతా రెండో వైరు ఎక్కడ గుచ్చారనే దాంట్లో ఉంది. కుడి జఠరిక కొనలో పెడితే కరెంటు కండలో పాకుతూ పోవాలి, క్యూఆర్ఎస్ వెడల్పుగానే ఉండిపోతుంది, కొందరిలో ఏళ్ల మీద ఎడమ జఠరిక పంపింగ్ తగ్గుతుంది కాబట్టి ఎకో చూసుకుంటూ ఉండాలి. ఇప్పుడు కొన్ని చోట్ల ఆ వైరుని మధ్య గోడలోకి లోతుగా దించి ఎడమ కొమ్మ దగ్గరికి చేరుస్తున్నారు, పడాల్సిన చోట పడితే తెగిన చోటు దాటాక కరెంటు మళ్లీ హైవే ఎక్కుతుంది, ఆపరేషన్ టేబుల్ మీదే క్యూఆర్ఎస్ సన్నబడటం మానిటర్‌లో కనిపిస్తుంది.